కాపుచినో నురగలో పెద్ద బుడగలు ఎలా పోయాయంటే

ఇంట్లో చిన్న మెషిన్‌తో కాపుచినో చేస్తే పైన పెద్ద పెద్ద బుడగలే తేలేవి. పాలు మార్చి చూసినా అంతే. తేడా అంతా గాలి ఎప్పుడు కలుస్తుందన్న దాంట్లో ఉంది.

ఇప్పుడు ముందు ఆవిరి గొట్టంలో నిలిచిన నీళ్లు బయటికి వదిలేస్తాను. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలను జగ్గులో సగానికి కాస్త తక్కువగా పోసి, గొట్టం కొనను పాల పైభాగానికి కొద్దిగా కిందే ఉంచి ఆవిరి తిప్పుతాను. కాగితం చింపినట్టు సన్నటి చప్పుడు రావాలి. గడగడమని చిందితే కొన పైకి తేలినట్టే.

జగ్గు చేతికి గోరువెచ్చగా తగలగానే కొనను ఇంకాస్త ముంచుతాను, ఇక పాలలోకి గాలి పోనివ్వను. కొన మధ్యలో కాకుండా పక్కకి ఉంటే పాలు సుడి తిరుగుతాయి. బుడగల్ని చిదిమి నురగను పాలలో కలిపేది ఆ సుడే. 60–65 డిగ్రీల దగ్గర ఆపేస్తాను. పాలు వేడెక్కాక గాలి కలిస్తే మాత్రం ఆ బుడగలు చితకడానికి టైమ్ చాలదు.