దసరాకి కొత్త బ్రాండ్ పేరు పెడుతున్నారా? కవర్లు ప్రింటుకి పోయేలోపు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

దసరా, దీపావళి గిరాకీని నమ్ముకుని మన కర్నూలు చుట్టుపక్కల ఏటా కొత్త సరుకు మార్కెట్లోకి దిగుతుంది. గానుగ నూనె, చిక్కీలు, పచ్చళ్లు, కారప్పొడులు. సరుకు బాగుండాలని రాత్రింబవళ్లు కష్టపడతారు, పేరు మాత్రం ఆఖరి వారంలో ఇంట్లో నలుగురు కూర్చుని తేల్చేస్తారు. చిక్కు అక్కడే వస్తుంది. రంగుల కవర్లు ప్రింటు చేయాలంటే ఒక్కో రంగుకి ఒక్కో సిలిండరు చెక్కించాలి, ఆ డబ్బు ముందే కట్టాలి, పైగా కొద్దిపాటి కవర్లకి ప్రింటింగ్ వాళ్లు ఒప్పుకోరు. తర్వాత పేరు మార్చాల్సి వస్తే పేరున్న సిలిండర్లూ పనికిరావు, గోదాములో ఉన్న కవర్లూ పనికిరావు, కాబట్టి ఏం చూసుకున్నా సిలిండర్లు చెక్కించే ముందే చూసుకోవాలి.

ఇక్కడ మనకి ఇంకో సంగతి ఉంది. కర్నూలు నుంచి సరుకు బయటికి పోతే ఒకవైపు బళ్లారి, రాయచూరు, ఇంకోవైపు హైదరాబాదు, కిందికి బెంగళూరు, చెన్నై. ఊళ్లోనే ఉర్దూ మాట్లాడేవాళ్లు ఉన్నారు, ఆదోని వైపు కన్నడం వినపడుతూనే ఉంటుంది. అంటే మీ పేరుని మొదటి రోజు నుంచే నాలుగు భాషల చెవులు వింటాయి.

హైవే పక్కన హోటల్ పెట్టేవాళ్లకి ముచ్చటగా తోచే పేరు ఒకటుంది, “రండి”. చిన్న మాట, ఆప్యాయంగా ఉంటుంది, ఎవరికైనా గుర్తుంటుంది. కానీ మన 44వ నంబరు హైవే మీద రాత్రంతా తిరిగే లారీల్లో ఉత్తరాది డ్రైవర్లు చాలామంది ఉంటారు, అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో బోర్డు మీద కనపడితే వాళ్లకది ఆడవాళ్లని ఉద్దేశించిన నీచమైన తిట్టు. కుటుంబంతో వచ్చినవాళ్లు ఆ బోర్డు ముందు ఆగను కూడా ఆగరు. ఇది ఎదురు దిక్కులోనూ జరుగుతుంది. కన్నడంలో “కంపు” అంటే సువాసన, అక్కడ అగరుబత్తికి అది చక్కటి పేరు, అదే పెట్టె మన ఊరి పూజా సామాన్ల కొట్లో పెడితే ఎవరు కొంటారు? తెలుగులో పూలకుండీ అంటాం కదా, ఆ “కుండీ” తమిళంలో పిరుదులకి వాడే మోటు మాట. నర్సరీ పెట్టి చెన్నైకి మొక్కలు పంపాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం.

ఇప్పుడు ఒక కుటుంబం సంగతి మొత్తం చెప్తాను, ఎందుకంటే పద్ధతి అందులోనే ఉంది. మాకు తెలిసిన అన్నదమ్ములు కర్నూలు దగ్గర చెక్క గానుగ పెట్టి చెనక్కాయ నూనె తీస్తున్నారు. మొదట రాసుకున్న పేరు “బుడ్డ”. మన వైపు చెనక్కాయల్ని బుడ్డలనే అంటాం కాబట్టి ఇంట్లో అందరికీ నచ్చింది, రెండే అక్షరాలు, మన మట్టి మాట. నాకూ వినగానే నచ్చింది. కానీ దాన్ని ఇంగ్లిష్‌లో BUDDA అని రాసి చూస్తే కథ మారిపోయింది. హైదరాబాదులో చదువుకునే వాళ్ల మేనకోడలు చూడగానే “ఇదేంటి మామా, బుద్ధుడి పేరు నూనెకి పెట్టారు?” అంది. ఆ అమ్మాయి హాస్టల్లో హిందీ మాట్లాడే స్నేహితురాలు “బుడ్ఢా” అని చదివింది, అంటే ముసలాయన. గుంటూరు వైపు బంధువు ఒకాయన అయితే చెప్పడానికే మొహమాటపడ్డాడు, ఎందుకంటే వరిబీజం జబ్బుకి తెలుగులో ఇంకో పేరు బుడ్డే. మూడు చోట్ల మూడు అర్థాలు, అందులో ఒకటి మన భాషలోనిదే. పక్క భాషలకంటే ముందు పక్క జిల్లాలని అడగాలి అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

తర్వాత “కమ్మ” అనుకున్నారు, కమ్మటి నూనె అన్న భావంతో. మన రాష్ట్రంలో ఆ మాటని అట్ట మీద చూసినవాళ్లు రుచి గురించి ఆలోచించరు, కులం గురించి ఆలోచిస్తారు, కాబట్టి ఒక్క నిమిషంలో కొట్టేశారు. “గానుగ” అన్న పేరు వినడానికి బాగుంది కానీ అది సరుకు ఎలా తయారైందో చెప్పే మాట, అలాంటి వర్ణన మాటలకి ట్రేడ్‌మార్క్ దొరకడం కష్టం, దొరికినా పక్క గానుగవాణ్ని ఆ మాట వాడొద్దనలేరు. “వేరు” కూడా వచ్చింది, చెనక్కాయ భూమిలో కాస్తుంది కదా అని. “మనం వేరు పడుతున్నామా ఏంది అన్నా?” అని తమ్ముడు అడిగాడు, అంతటితో అదీ పోయింది.

నాకు ఎక్కువ బాధ కలిగించింది “హంద్రి”. మన ఊళ్లో తుంగభద్రలో కలిసే నది పేరు, నోటికి హాయిగా ఉంటుంది. అయితే కన్నడంలో హంది అంటే పంది. రకారం ఉంది కదా అంటారేమో, ఫోన్లో చెప్పినప్పుడూ హడావుడిగా బోర్డు చదివినప్పుడూ ఆ రకారం నిలబడదు. బళ్లారి కిరాణా కొట్లో వంటనూనె డబ్బా మీద పందిని గుర్తుచేసే పేరుంటే శాకాహారులు చెయ్యి కూడా పెట్టరు. ఇదే పేరు కర్నూలులోనే ఉండే టైలరింగ్ షాపుకో, ట్యూషన్ సెంటరుకో అయితే నేను నిశ్చింతగా పెట్టుకోమంటాను. సరుకు ఏంటి, అది ఎంత దూరం పోతుంది అన్నదాన్ని బట్టి తీర్పు మారుతుంది.

చివరికి నిలబడింది “ఊట”. చెలమలో నీటి ఊట, ఆవకాయ జాడీలో పైకి తేలే ఊట, రెండూ మన ఇళ్లల్లో ఉన్న మాటలే. కన్నడంలో ఊట అంటే భోజనం, వంటనూనెకి ఇంతకంటే ఏం కావాలి. దీనికీ ఒక లోపం ఉంది. పుండు నుంచి కారేదాన్నీ ఊట అనే అంటారు, కవరు గనక కారిందంటే జనం ఆ పేరుతోనే ఎగతాళి చేస్తారు, కాబట్టి సీలింగ్ గట్టిగా ఉండాలి. లోపం తెలిసి తీసుకున్నారు, అది సరైన నిర్ణయమే అనుకుంటున్నాను.

ఇంగ్లిష్ అక్షరాలతో రాసి చూడమని అంతగా ఎందుకంటున్నానంటే, ఆహార పదార్థాల లేబుల్ మీద వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండి తీరాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. కాబట్టి బయట రాష్ట్రంవాళ్లు మీ పేరుని చదివేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే. ఆ అక్షరాల్లో ద, డ ఒకటే, త, ట ఒకటే, దీర్ఘం ఉందో లేదో తెలియదు. మీరు అనుకున్న పలుకు ఒకటైతే వాళ్ల నోట్లో వచ్చేది ఇంకోటి, ఆ ఇంకోదానికి అర్థం ఏంటో చూడాలి.

అడిగే విధానం కూడా ముఖ్యం. “ఈ పేరు బాగుందా?” అంటే మొహమాటానికి బాగుందనే అంటారు, “దీనికి చెడ్డ అర్థం ఉందా?” అంటే వెతికి వెతికి ఏదో ఒకటి చెప్తారు. తెల్లకాగితం మీద ఇంగ్లిష్ అక్షరాల్లో పేరొక్కటే రాసి, అదేం సరుకో చెప్పకుండా, పైకి చదవమనండి, చదవగానే ఏం గుర్తొచ్చిందో అడగండి. తర్వాత సరుకేంటో చెప్పి, మీ ఇంట్లో పెద్దవాళ్ల ముందు ఈ పేరు గట్టిగా పలకగలరా అని అడగండి. జవాబుకంటే ముందు మొహం చూడండి, నవ్వు ఆపుకుంటున్నారంటే విషయం ఉన్నట్టే. భాషకి ఒక్కరిని అడిగితే చాలదు, కాలేజీ కుర్రాడొకరు, ఇంటిపెద్ద ఒకరు, ఆడవాళ్లు ఒకరైనా ఉండాలి, ఎందుకంటే బూతులు, యాస మాటలు వయసుతో మారతాయి, చాలావరకు నిఘంటువుల్లో దొరకవు. ఇంకో పరీక్ష ఫోన్లో. పేరు ఒక్కసారి చెప్పి, అవతలివాళ్లని టైప్ చేసి పంపమనండి. ఊటకి కొందరు OOTA అని, కొందరు UTA అని పంపారు, అందుకని ట్రేడ్‌మార్క్ వెతికేటప్పుడు రెండూ వెతకాల్సి వచ్చింది.

ఎన్ని భాషల్లో చూడాలి అంటే, వచ్చే రెండు మూడేళ్లలో సరుకు పోయే ఊళ్ల భాషలన్నీ, అంతే. ప్రపంచంలోని భాషలన్నీ చూస్తే ఏ పేరూ మిగలదు. షెవ్రోలే నోవా కారు స్పానిష్‌లో “కదలదు” అన్న అర్థం వచ్చి అమ్ముడుపోలేదని అందరూ చెప్పుకుంటారు, అది నిజం కాదు, మెక్సికోలో, వెనెజువెలాలో ఆ కారు బాగానే అమ్ముడైంది. మిత్సుబిషి పజేరో సంగతి మాత్రం నిజం, స్పానిష్‌లో అది బూతు కాబట్టి ఆ దేశాల్లో మొంటేరో అని అమ్మారు. తొలి చూపులో దూరంగా కనపడే పోలికకి భయపడక్కర్లేదు, నోట పలకలేని మాటైతే మాత్రం రాజీ పడకూడదు. ఎంత చూసుకున్నా చేతిలో లేనిది కొంత ఉంటుంది. టాటావాళ్లు జిప్పీ కార్ అన్న మాటల్ని కుదించి జికా అని పెట్టుకున్నారు, సరిగ్గా అప్పుడే జికా వైరస్ వార్తల్లోకి వచ్చింది, 2016లో అదే కారుని టియాగో అని మార్చి విడుదల చేశారు.

అర్థాలన్నీ చూసుకున్నాకే ట్రేడ్‌మార్క్ పని. ముందు ipindia.gov.in లో ఉన్న పబ్లిక్ సెర్చ్‌లో Wordmark తో ఒకసారి, Phonetic తో ఒకసారి వెతకండి, రెండోది ఒకేలా వినపడే పేర్లని చూపిస్తుంది, చాలామంది దాన్ని వదిలేసి దెబ్బతింటారు. ట్రేడ్‌మార్క్ కోసం సరుకుల్నీ సేవల్నీ నంబర్లున్న తరగతులుగా విడదీశారు, వంటనూనె 29వ తరగతి, చిక్కీ లాంటి మిఠాయిలు 30, హోటల్ 43. నూనెవాళ్లయినా మూడింటిలోనూ చూడటం మంచిది. మత మనోభావాలు గాయపరిచే పేర్లు, అసభ్యమైన పేర్లు 1999 ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం రిజిస్టర్ కావు. పేరుని తెలుగు లిపిలో దాఖలు చేస్తే దాని పలుకూ అర్థమూ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాసివ్వాలి, అది ముందే సిద్ధం చేసుకోండి. వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు.

కాబట్టి పది పేర్లు రాసుకుంటే అర్థాల దగ్గరే ఆరేడు పోతాయని ముందే అనుకోండి, మిగిలినవాటికే సెర్చ్ చేయండి, ఒక్కటే పేరు మీద మనసు పెట్టేసుకుని కూర్చోవద్దు. సెర్చ్‌లో అడ్డం లేదని తేలి, దరఖాస్తు పడ్డాక సిలిండర్ల అడ్వాన్స్ కట్టండి. అప్పటికి దసరా మీద పడితే మొదటి లోడుకి మామూలు తెల్ల కవరు తీసుకుని, లేబుల్లో ఉండాల్సిన వివరాలన్నీ స్టిక్కరు మీద వేయించి అంటించండి. స్టిక్కర్లు కొన్ని వందలైనా వేసిస్తారు, పేరులో ఏదైనా తేడా బయటపడినా పోయేది ఆ స్టిక్కర్ల ఖర్చే.