ఉద్యోగ ఉత్తరాలు రాయడం – 7వ పాఠం: హెచ్చరికల తర్వాత టర్మినేషన్ లెటర్, అందులో పీఐపీ ప్రస్తావన

గత పాఠంలో పీఐపీ, అంటే పనితీరు మెరుగుదల ప్రణాళిక, దాని చివరి సమీక్ష నోట్ రాశాం. నోట్ మీద మేనేజరు, ఉద్యోగి ఇద్దరూ సంతకాలు పెట్టారు. అనుకున్న లక్ష్యం అందలేదు, ఉద్యోగం ఆపేయాలని యాజమాన్యం నిర్ణయించింది. ఇప్పుడు రాయాల్సింది ఆ నిర్ణయాన్ని తెలియజేసే ఉత్తరం. నోటీసు, జీతం లెక్కల దగ్గర పెద్దగా ఎవరూ తప్పు చేయరు, అవి అపాయింట్‌మెంట్ ఆర్డర్ చూసి రాసేస్తారు. తడబాటంతా పీఐపీ గురించి రాసే నాలుగైదు వాక్యాల దగ్గరే. అందుకని ఈ పాఠంలో ఎక్కువ సేపు అక్కడే ఆగుదాం.

ముందు కేసు చూద్దాం. పాఠం కోసం అల్లుకున్నదే. విజయవాడలో ఒక హోల్‌సేల్ వ్యాపార సంస్థ. అకౌంట్స్ విభాగంలో ఒకావిడ 2023 ఆగస్టు 5న చేరారు, వెండర్ బిల్లుల ఎంట్రీ ఆవిడ పని. 2026 జనవరిలో తనిఖీ చేస్తే 100 బిల్లులకు 11 బిల్లుల్లో తప్పులు దొరికాయి: జీఎస్టీ రేటు మారిపోవడం, ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కడం లాంటివి. ఫిబ్రవరి 11న ఒకటి, మార్చి 11న మరొకటి వార్నింగ్ లెటర్లు ఇచ్చారు. ఏప్రిల్ 1 నుంచి మే 30 వరకు 60 రోజుల పీఐపీ పెట్టారు. లక్ష్యాలు రెండు: తప్పులు 100కి 3కు మించకూడదు, బిల్లు అందిన 2 పనిదినాల్లో ఎంట్రీ అయిపోవాలి. మధ్యలో మే 11 నుంచి 18 వరకు ఆవిడ మెడికల్ లీవులో ఉన్నారు. ఆ 8 రోజులూ కలిపి పీఐపీని జూన్ 7 దాకా పొడిగించారు. జూన్ 8న చివరి సమీక్ష. ఎంట్రీ గడువు లక్ష్యం అందింది. తప్పులు మాత్రం ఏప్రిల్ 16 సమీక్షలో 9, మే 4న 7, చివరికి 6 దగ్గర ఆగాయి.

ఈ కేసుకు మొదటి చిత్తుప్రతి మామూలుగా ఇలా వస్తుంది:

> "ఎన్నో అవకాశాలు ఇచ్చినా మీరు పనిలో శ్రద్ధ చూపలేదు. పీఐపీలో పూర్తిగా ఫెయిలయ్యారు. మీ నిర్లక్ష్యం వల్ల సంస్థకు నష్టం కలిగినందున మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాము."

రాసినవాళ్ల కోపం అర్థమవుతుంది. కానీ ఒక్కో వాక్యం చూడండి. "పూర్తిగా ఫెయిలయ్యారు" అనేది నిజం కాదు. రెండు లక్ష్యాల్లో ఒకటి అందింది, రెండోదానిలో 11 నుంచి 6కు తగ్గింది. సమీక్ష నోట్‌లో ఒకటి, ఉత్తరంలో ఇంకొకటి ఉంటే, రేపు లేబర్ అధికారి ముందు మన కాగితాన్ని మన కాగితమే కాదంటుంది. ఇక "శ్రద్ధ చూపలేదు" అనడం ఆవిడ మనసులో ఏముందో చెప్పడం. అది మనకు తెలియదు, తెలిసింది బిల్లుల లెక్క ఒక్కటే.

అన్నిటికన్నా ప్రమాదం "నిర్లక్ష్యం". సంస్థ ఉద్యోగ నియమాలైన స్టాండింగ్ ఆర్డర్లలో పని పట్ల నిర్లక్ష్యం దుష్ప్రవర్తన కింద వస్తుంది. దుష్ప్రవర్తన కారణంగా తీసేయాలంటే ఛార్జిషీటు ఇవ్వాలి, సంస్థలోపలే విచారణ, అంటే డొమెస్టిక్ ఎంక్వైరీ జరపాలి, వాళ్ల వాదన వినాలి. మనం చేసింది పనితీరు సమీక్ష, ఎంక్వైరీ కాదు. పనితీరు బాగా లేదని తీసేస్తూ దుష్ప్రవర్తన భాష రాశామంటే, జరపని ఎంక్వైరీ ఏదని అడిగే అవకాశం మనమే ఇచ్చినట్టు.

ఈ గీత ఎక్కడుందో సుప్రీంకోర్టు తీర్పులు రెండు పక్కపక్కన పెడితే బాగా కనిపిస్తుంది. రెండూ ప్రభుత్వ సంస్థల్లో ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల కేసులే. ప్రైవేటు సంస్థలకు యథాతథంగా వర్తిస్తాయని చెప్పలేం గానీ, ఉత్తరం రాసేవాళ్లు తెలుసుకోవాల్సినవి. 2001లో పవనేంద్ర నారాయణ్ వర్మ కేసు లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐకి సంబంధించింది. పని, నడవడిక సంతృప్తికరంగా లేవని ఉత్తర్వులో రాసినంత మాత్రాన అది ఉద్యోగి పేరుకు మచ్చ కాదని కోర్టు చెప్పింది. అంతకు ముందు 1999లో దీప్తి ప్రకాశ్ బెనర్జీ కేసు, కలకత్తాలోని ఎస్.ఎన్. బోస్ సెంటర్‌ది. అందులో కోర్టు ఇంకో మాట చెప్పింది: మచ్చ ఉత్తర్వులోనే ఉండనక్కర్లేదు, ఉత్తర్వులో ప్రస్తావించిన పాత ఉత్తరాల్లో ఉన్నా చాలు. ఎందుకంటే రేపు వేరేచోట ఉద్యోగానికి వెళ్తే ఆ ఉత్తరాలు కూడా చూపించమని అడగవచ్చు.

మనకు పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది. "మీకు మార్చి 11న ఇచ్చిన హెచ్చరిక ప్రకారం" అని రాసిన క్షణంలో ఆ హెచ్చరికలోని ప్రతి మాటా ఈ ఉత్తరంలోకి వచ్చేస్తుంది. టర్మినేషన్ లెటర్ ఎంత మర్యాదగా రాసినా, రెండో వార్నింగ్‌లో "బాధ్యతారాహిత్యం", "కావాలనే తప్పులు" అని ఉంటే ఆ మర్యాద నిలవదు. కాబట్టి కలం పట్టే ముందు రెండు వార్నింగులు, పీఐపీ పత్రం, మూడు సమీక్ష నోట్లు వరసగా చదవండి. వాటిలో అలాంటి మాటలు కనిపిస్తే ఇప్పుడు దిద్దకూడదు, తేదీ వెనక్కి వేసి కొత్త కాగితం అసలే పుట్టించకూడదు. ఉత్తరం ఆపి లాయరుకు చూపించాలి. మన కేసులో వార్నింగులు రెండూ లెక్కలకే పరిమితమయ్యాయి కాబట్టి ముందుకు వెళ్లవచ్చు.

ఇక తటస్థంగా రాయడమంటే విషయాన్ని దాచడం కాదు. కొందరు మంచికే అనుకుని "వ్యాపార అవసరాల రీత్యా" అని రాస్తారు. నెల తిరక్కుండా అదే సీట్లో ఇంకొకరిని తీసుకుంటే ఆ కారణం అబద్ధమని తేలిపోతుంది, నిజమైన కారణం చెప్పుకునే వీలూ పోతుంది. పీఐపీ ఉందని చెప్పాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏం కొలిచాం, ఎంత వచ్చింది అన్నవి చెప్పాలి. మెరుగుపడింది ఉంటే అదీ చెప్పాలి. అక్కడితో ఆగాలి.

ఉత్తరం ఇలా వస్తుంది:

> తేదీ: 10 జూన్ 2026
>
> శ్రీమతి ............ గారికి,
> ఎగ్జిక్యూటివ్, అకౌంట్స్ విభాగం
>
> విషయం: ఉద్యోగ ముగింపు గురించి
>
> మీరు 5 ఆగస్టు 2023 నుంచి మా సంస్థలో పనిచేస్తున్నారు. వెండర్ బిల్లుల ఎంట్రీ విషయమై 11 ఫిబ్రవరి 2026, 11 మార్చి 2026 తేదీల్లో మీకు ఉత్తరాలు ఇచ్చాము.
>
> ఆ తర్వాత 1 ఏప్రిల్ 2026 నుంచి పనితీరు మెరుగుదల ప్రణాళిక అమలైంది. మీ మెడికల్ లీవును లెక్కలోకి తీసుకుని దాన్ని 7 జూన్ 2026 వరకు పొడిగించాము. ఏప్రిల్ 16, మే 4, జూన్ 8 తేదీల్లో మీతో కలిసి సమీక్షలు జరిగాయి. ఎంట్రీ గడువుకు సంబంధించిన లక్ష్యం నెరవేరింది. తప్పుల సంఖ్య 100 బిల్లులకు 11 నుంచి 6కు తగ్గింది. ప్రణాళికలో నిర్ణయించిన పరిమితి 3.
>
> పై ఫలితాలను పరిశీలించిన మీదట, ఈ ఉద్యోగానికి అవసరమైన పనితీరు స్థాయి అందలేదని భావించి, మీ సేవలను 10 జూన్ 2026 పనివేళలు ముగిసినప్పటి నుంచి విరమింపజేస్తున్నాము.
>
> నోటీసుకు బదులుగా ఒక నెల జీతం, ఈ రోజు వరకు రావలసిన జీతం, సర్వీసు పరిహారం, మిగిలిన లీవుల సొమ్ము 12 జూన్ 2026లోగా మీ బ్యాంకు ఖాతాలో జమ చేస్తాము. లెక్కల పత్రం జతపరిచాము. సర్వీసు సర్టిఫికెట్ అదే రోజు అందజేస్తాము.
>
> ఈ ఉత్తరంపై సందేహాలుంటే హెచ్‌ఆర్ విభాగాన్ని సంప్రదించగలరు.
>
> (సంతకం, హోదా)

రెండో పేరాను మళ్లీ చదవండి. అందులో విశేషణం ఒక్కటీ లేదు. "కేవలం 6కే తగ్గింది" అనలేదు, "తగినన్ని అవకాశాలు ఇచ్చాము" అనలేదు. సమీక్షలు మూడు జరిగాయని తేదీలతో చెప్పాక అవకాశం ఇచ్చామని వేరే చెప్పనక్కర్లేదు. లీవు సంగతి రాయడం మర్చిపోవద్దు. అది లేకపోతే మే 30కి అయిపోవాల్సిన పీఐపీ జూన్ 7 దాకా ఎందుకు సాగిందో చదివేవాళ్లకు అర్థం కాదు. పైగా అనారోగ్యంగా ఉన్న రోజులు కూడా ఆవిడ ఖాతాలో వేశారేమోనన్న అనుమానం వస్తుంది. మూడో పేరాలో ఆవిడ గురించి తీర్పు లేదు, ఈ ఉద్యోగానికి కావలసిన స్థాయి గురించి మాత్రమే ఉంది.

తేదీల వరస కూడా చూసుకోండి. ఉత్తరం తేదీ చివరి సమీక్ష తర్వాతే ఉండాలి. జూన్ 5న టైపు చేసి పెట్టుకున్న ఫైలును జూన్ 10న ప్రింట్ తీస్తే, ఫైలు వివరాల్లో పాత తేదీ ఉండిపోతుంది. సమీక్ష జరగకముందే నిర్ణయం అయిపోయిందని చూపడానికి ఆ ఒక్క తేదీ చాలు. అందుకని ఉత్తరం సమీక్ష అయ్యాకే, కొత్త ఫైలులో మొదలుపెట్టండి.

డబ్బు విషయం క్లుప్తంగా. ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని 47వ సెక్షన్, ఆరు నెలలు నిండిన ఉద్యోగికి కనీసం నెల నోటీసు లేదా నెల జీతం, ఏడాది నిండినవారికి సర్వీసులో ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారం గురించి చెబుతుంది. తెలంగాణలోనూ ఆ చట్టమే కొనసాగింది. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఎక్కువ నోటీసు ఉంటే ఆ ఎక్కువే ఇవ్వాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం తొలగించిన ఉద్యోగి జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. పై ఉత్తరంలో 12వ తేదీ అని రాసింది అందుకే. ఐదేళ్లు నిండనందువల్ల గ్రాట్యుటీ లైను ఈ ఉత్తరంలో లేదు.

ఈ నమూనాకు ఒక హద్దు ఉంది. ఉద్యోగి పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం వర్కర్ కిందికి వస్తే, పనితీరు కారణంగా తీసేయడాన్ని కూడా రిట్రెంచ్‌మెంట్‌గా చూసే వాదన ఉంటుంది, దాని షరతులు వేరు. హోదా పేరులో "ఎగ్జిక్యూటివ్" అని ఉన్నంత మాత్రాన వర్కర్ కాకుండా పోరు, రోజూ చేసే పని ఏమిటన్నదే చూస్తారు. మన కేసులో ఆవిడ చేసేది బిల్లుల ఎంట్రీ కనుక, ఈ ఉత్తరం బయటికి వెళ్లే ముందు లాయరు ఒకసారి చూడాల్సిందే. ఆ ఫీజు దగ్గర ఆదా చేయొద్దు.

అభ్యాసం. గోడౌన్ సూపర్‌వైజరుకు 45 రోజుల పీఐపీ పెట్టారు. స్టాకు లెక్కలో తేడా 2 శాతం లోపు ఉండాలి, వారం వారం నివేదిక ఇవ్వాలి. మొదట్లో 7 శాతం ఉన్న తేడా చివరికి 4 శాతమైంది. ఆరు నివేదికల్లో ఐదు టైముకు వచ్చాయి, ఒకటి రెండు రోజులు ఆలస్యం. మేనేజరు రాసుకొచ్చిన వాక్యం: "పదేపదే చెప్పినా మీ ధోరణి మారలేదు, పీఐపీని సీరియస్‌గా తీసుకోలేదు." దీన్ని తీసేసి పీఐపీ పేరాను మీరే మళ్లీ రాయండి. ఆ ఆలస్యమైన నివేదికను ప్రస్తావించాలా వద్దా అన్నది కూడా నిర్ణయించండి, ఎందుకో పక్కన ఒక లైను రాయండి. 8వ పాఠం మీ జవాబుతో మొదలై, సెటిల్‌మెంట్ లెక్కల పత్రం, సర్వీసు సర్టిఫికెట్ మీదికి వెళ్తుంది.