ఏసీ సర్క్యూట్లు నేర్చుకుందాం – 6వ భాగం: కరెంట్ సోర్స్, రెండు నోడ్‌లు, ఒక మైనస్ గుర్తు

ఇంపెడెన్స్‌ను తిరగేసి అడ్మిటెన్స్ రాయడం గత భాగంలో చూశాం. ఈసారి ఆ అడ్మిటెన్స్‌లతోనే ఒక సర్క్యూట్‌ను మొదలు నుంచి చివరి దాకా సాధిద్దాం. పక్కన కాగితం పెట్టుకుని, ప్రతి లైనూ మీరూ వేసుకుంటూ రండి.

సర్క్యూట్ ఇది. కింద గ్రౌండ్, పైన రెండు నోడ్‌లు. గ్రౌండ్ నుంచి 1వ నోడ్‌లోకి ఒక కరెంట్ సోర్స్ 2 cos(1000t) ఆంపియర్లు పంపిస్తోంది. 1వ నోడ్ నుంచి గ్రౌండ్‌కి 10 ఓంల రెసిస్టర్ ఉంది. 1, 2 నోడ్‌ల మధ్య 10 మిల్లీహెన్రీల ఇండక్టర్ ఉంది. 2వ నోడ్ నుంచి గ్రౌండ్‌కి మరో 10 ఓంల రెసిస్టర్, దానికి సమాంతరంగా 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉన్నాయి. రెండు నోడ్‌ల వోల్టేజీలు కనుక్కోవాలి.

ఇక్కడ నోడల్ పద్ధతినే ఎంచుకోవడానికి కారణం ఉంది. కరెంట్ సోర్స్ విలువ మనకు ముందే తెలుసు కాబట్టి అది నేరుగా సమీకరణానికి కుడివైపు వెళ్లి కూర్చుంటుంది. తెలియనివి V1, V2 రెండే. వోల్టేజ్ సోర్స్ అయితే దాని గుండా ఎంత కరెంట్ పోతోందో తెలియక అదనంగా కొంత పని పడుతుంది. ఆ సంగతి వచ్చే భాగంలో చూద్దాం.

ముందుగా కాలాన్ని పక్కన పెట్టేయాలి. సోర్స్ ఫేజర్ Is = 2, కోణం సున్నా. ఈ 2 పీక్ విలువ, ఆర్ఎంఎస్ కాదు. దీన్ని మొదట్లోనే కాగితం మీద రాసి పెట్టుకోండి, చివర్లో పవర్ లెక్కకు కావాలి. ఇక ω = 1000 రేడియన్లు/సెకను దగ్గర ఒక్కో భాగం అడ్మిటెన్స్, సీమెన్స్‌లలో:

```
రెసిస్టర్లు :  1/10     = 0.1
ఇండక్టర్    :  1/(jωL)  = 1/(j10) = -j0.1
కెపాసిటర్   :  jωC      = j0.1
```

ఇండక్టర్‌కు మైనస్ ఎలా వచ్చిందో గుర్తుంది కదా: 1/j అంటే -j. ఆ మైనస్‌తోనే మనకు అసలు పని పడబోతోంది.

ఇప్పుడు ఒక్కో నోడ్ దగ్గర కేసీఎల్ రాద్దాం. నోడ్‌ను వదిలి వెళ్లే కరెంట్లన్నీ ఎడమవైపు, సోర్స్ నుంచి లోపలికి వచ్చేది కుడివైపు.

```
0.1·V1 + (-j0.1)(V1 - V2) = 2
(-j0.1)(V2 - V1) + 0.1·V2 + j0.1·V2 = 0
```

V1 పదాలు ఒకచోట, V2 పదాలు ఒకచోట చేరిస్తే:

```
(0.1 - j0.1)·V1 + j0.1·V2 = 2
 j0.1·V1        + 0.1·V2  = 0
```

రెండో సమీకరణంలో V2 గుణకం చూడండి. ఇండక్టర్ -j0.1, కెపాసిటర్ +j0.1 ఒకదాన్నొకటి కొట్టేసుకుని 0.1 మాత్రమే మిగిలింది. ఈ ఒక్క ఫ్రీక్వెన్సీలోనే ఇలా జరుగుతుంది. ఫ్రీక్వెన్సీ మారితే మళ్లీ అడ్మిటెన్స్‌ల దగ్గర నుంచి మొదలుపెట్టాల్సిందే.

సాధించడం తేలికే. రెండో సమీకరణం నుంచి V2 = -jV1. దాన్ని మొదటి దాంట్లో పెడితే (0.2 - j0.1)V1 = 2. హారాన్ని దాని కాంజుగేట్‌తో గుణిస్తే:

```
V1 = 2(0.2 + j0.1)/0.05 = 8 + j4
V2 = -j(8 + j4)         = 4 - j8
```

పోలార్ రూపంలో V1 అంటే 8.94 వోల్టులు, 26.6°. V2 కూడా 8.94 వోల్టులే, కానీ -63.4°. కాలానికి తిరిగొస్తే v2(t) = 8.94 cos(1000t - 63.4°). రెండింటి మధ్య 90° తేడా ఉంది, అంటే ఆసిలోస్కోప్‌లో చూస్తే v2 తరంగం v1 కంటే సుమారు 1.57 మిల్లీసెకన్లు ఆలస్యంగా పీక్‌కు చేరుతుంది. v2(t)లో ఏదో ఒక క్షణానికి విలువ కట్టాలంటే ఒక జాగ్రత్త అవసరం: 1000t రేడియన్లలో ఉంది, 63.4 డిగ్రీల్లో ఉంది. కూడే ముందు రెండింటినీ ఒకే కొలతలోకి తేవాలి.

ఇప్పుడు ఆ మైనస్ దగ్గరకు వద్దాం. పుస్తకాల్లో ఒక షార్ట్‌కట్ ఉంటుంది: నోడ్‌కు తగిలిన అడ్మిటెన్స్‌లన్నీ కలిపితే ఆ నోడ్ గుణకం, రెండు నోడ్‌ల మధ్య ఉన్న అడ్మిటెన్స్‌కు మైనస్ పెడితే పక్క గుణకం. ఇక్కడ మధ్యలో ఉన్నది -j0.1, దానికి మైనస్ పెడితే +j0.1. చాలామంది ఇండక్టర్ మైనస్‌ను చూసి, షార్ట్‌కట్ మైనస్ అయిపోయిందనుకుని -j0.1 అనే రాసేస్తారు.

అలా రెండు సమీకరణాల్లోనూ తప్పు గుర్తు పడితే ఏమవుతుంది? V2 = jV1 అవుతుంది. దాన్ని పైన పెడితే మళ్లీ (0.2 - j0.1)V1 = 2 వస్తుంది. V1 సరిగ్గానే 8 + j4. V2 మాత్రం -4 + j8, అంటే అసలు జవాబుకు పూర్తిగా తలకిందులు. పరిమాణం అదే 8.94. వోల్ట్‌మీటర్ రీడింగ్‌తో పోల్చినా తప్పు బయటపడదు.

పవర్ లెక్క కూడా దీన్ని పట్టుకోలేదు. సోర్స్ ఇచ్చే సగటు పవర్ ½·8·2 = 8 వాట్లు. పీక్ విలువలు వాడాం కాబట్టి ఆ సగం ఉండాలి. ఒక్కో రెసిస్టర్‌లో ½·80/10 = 4 వాట్లు, రెండూ కలిపి 8. చక్కగా సరిపోయింది. కానీ ఇందులో V2 పరిమాణం తప్ప కోణం ఎక్కడా రాలేదు కాబట్టి, తప్పు జవాబుకు కూడా ఇంతే చక్కగా సరిపోతుంది.

పట్టుకునేది కేసీఎల్ ఒక్కటే, అదీ కాంప్లెక్స్ సంఖ్యలతో చేస్తేనే. మీరు పేర్చిన గుణకాల సమీకరణాల్లో జవాబును మళ్లీ పెట్టి చూడకండి, తప్పు సమీకరణానికి తప్పు జవాబు ఎప్పుడూ సరిపోతుంది. బొమ్మ దగ్గరకు వెళ్లి ఒక్కో తీగలో కరెంట్ విడిగా లెక్కపెట్టండి. సరైన జవాబుతో:

```
10 ఓంలలో    : V1/10          = 0.8 + j0.4
ఇండక్టర్‌లో : (V1 - V2)/(j10) = 1.2 - j0.4
మొత్తం      :                  2
```

తప్పు V2 పెడితే ఇండక్టర్ కరెంట్ -0.4 - j1.2 అవుతుంది, మొత్తం 0.4 - j0.8. సోర్స్ ఇచ్చే 2 ఎక్కడా లేదు. తప్పు అప్పటికప్పుడు తేలిపోయింది.

పరిమాణాలను కూడి చూద్దామనుకోకండి. సరైన జవాబులో ఆ రెండు కరెంట్ల పరిమాణాలు 0.894, 1.265, కూడితే సుమారు 2.16 వస్తుంది, 2 కాదు. బెంచ్ మీద రెండు ఏసీ అమ్మీటర్లు పెట్టినా ఇదే వరస: రీడింగ్‌ల మొత్తం సోర్స్ మీటర్ చూపేదాని కంటే ఎక్కువే ఉంటుంది. మీటర్లు బాగానే ఉన్నాయి. కేసీఎల్ వర్తించేది ఫేజర్లకు, వాటి పరిమాణాలకు కాదు.

ఈ పద్ధతికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. సోర్స్ ఆన్ చేసిన తొలి కొన్ని మిల్లీసెకన్లలో ఏం జరిగిందో ఈ జవాబు చెప్పదు. ట్రాన్సియెంట్ చచ్చిపోయాక మిగిలేది మాత్రమే ఇది. అలాగే వేర్వేరు ఫ్రీక్వెన్సీల సోర్సులు రెండుంటే ఒకే సమీకరణంలో కలపకూడదు. ఒక్కోదానికి విడిగా సాధించి, కాలానికి తిరిగొచ్చాకే కూడాలి.

ఇక మీ వంతు. సర్క్యూట్ అదే, సోర్స్ 2 cos(2000t). ఇండక్టర్ అడ్మిటెన్స్ -j0.05, కెపాసిటర్‌ది j0.2 అవుతాయి. రెండో నోడ్ దగ్గర ఈసారి పూర్తిగా కొట్టేసుకోవు, 0.1 + j0.15 మిగులుతుంది. మీకు V1 = 14 + j8, V2 = -2 - j4 రావాలి. V2 కోణం కోసం కాలిక్యులేటర్‌లో tan⁻¹(4/2) నొక్కితే 63.4° చూపిస్తుంది. రెండు భాగాలూ నెగటివ్ కాబట్టి V2 మూడో పాదంలో ఉంది. అసలు కోణం -116.6°. ఇండక్టర్ కరెంట్ 0.6 - j0.8 వచ్చిందో లేదో బొమ్మ నుంచి చూసుకోండి.