వ్రతం మొత్తం ఫోన్లో రికార్డు చేయడం ఎలా? రెండోసారి మోగే కాల్‌తో జాగ్రత్త

గృహప్రవేశం వీడియో పంపమంటే మా బంధువుల్లో చాలామంది పంపేది ఒకే రకంగా ఉంటుంది. హోమం సగంలో ఆగిపోయిన పెద్ద ఫైలు ఒకటి, భోజనాల దగ్గర తీసిన పదిహేను సెకన్ల ముక్కలు ఏడెనిమిది. ఫోను మంచిదే, ట్రైపాడ్ కూడా ఉంటుంది. పోయేదల్లా సెట్టింగుల దగ్గర. ఇప్పటికి మా ఇళ్లలో ఇలాంటి ఫంక్షన్లు పాతిక దాకా నేనే తీశాను కాబట్టి, తెల్లవారుజామున గృహప్రవేశం, ఆ తర్వాత హోమం, సత్యనారాయణ వ్రతం ఉన్న రోజునే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ముందు ఒక మాట. పాలు పొంగించడం ట్రైపాడ్‌తో తీయకండి. వంటింట్లో పదిమంది మూగుతారు, స్టాండు ఎవరో ఒకరు తన్నేస్తారు. అది చేత్తో, వేరే ఫోనుతో తీయాలి. ట్రైపాడ్ హాల్లో పీటల ఎదురుగా, హోమానికీ వ్రతానికీ మాత్రమే.

స్టాండును గోడకు ఆనించినట్టు పెట్టండి, వెనకనుంచి ఎవరూ నడవకూడదు. ఎత్తు నాలుగడుగులు చాలు. ఫోను కొంచెం కిందికి వంచితే దంపతులతో పాటు కలశం, పీట మీది బియ్యం కూడా కనిపిస్తాయి. ట్రైపాడ్ నడుమ కొక్కెం ఉంటే రెండు నీళ్ల సీసాలున్న సంచీ తగిలించండి. ఫోను అడ్డంగా ఉండాలి, దీనిలో చర్చ లేదు. అడ్డంగా తిప్పి, తెర మీద గుర్తులు కూడా తిరిగాకే రికార్డు నొక్కండి. మొదలుపెట్టాక తిప్పితే వీడియో తిరగదు. లెన్సు తుడవండి. ఫోను కవరు తీసేయండి, వేడి తగ్గుతుంది. ఛార్జరు పెట్టి ఉంచండి.

స్టోరేజీ లెక్క సులువు. 1080p, సెకనుకు 30 ఫ్రేములు పెడితే చాలా ఫోన్లలో నిమిషానికి సుమారు 130 ఎంబీ పడుతుంది. హోమం, వ్రతం కలిపి రెండున్నర గంటలనుకుంటే 150 నిమిషాలు, అంటే దాదాపు 19,500 ఎంబీ. నేనైతే 30 జీబీ ఖాళీ లేకుండా మొదలుపెట్టను, పంతులుగారు ఎప్పుడు ముగిస్తారో ఆయనకే తెలియదు కాబట్టి. 4K వద్దు. టీవీలో చూసేవాళ్లకు తేడా తెలియదు, ఫోను మాత్రం కాగిపోతుంది. ఫొటోలు డిలీట్ చేసినంత మాత్రాన ఖాళీ రాదు, అవి చెత్తబుట్టలో రోజుల తరబడి ఉండిపోతాయి. గ్యాలరీలోకి వెళ్లి ఆ బుట్ట కూడా ఖాళీ చేసి, అప్పుడు ఎంత ఉందో చూడండి.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. డు నాట్ డిస్టర్బ్ నొక్కేసి నిశ్చింతగా కూర్చుంటారు. నేనూ అలాగే కూర్చున్నాను. మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో ముహూర్తం ఉదయం 4:40కి. ఐదున్నర ప్రాంతంలో ఒక బాబాయి అపార్ట్‌మెంట్ రెండో గేటు దగ్గర నిలబడి నాకు ఫోన్ చేశాడు. మొదటిసారి మోగలేదు. ఎత్తలేదని వెంటనే మళ్లీ చేశాడు. అప్పుడు మోగింది! ఎవరో పక్కనున్నవాళ్లు పాపం సాయం చేద్దామని పచ్చగుర్తు లాగేశారు. రికార్డింగు ఆగిపోయింది. నలభై నిమిషాల తర్వాత చూస్తే తెర మీద ఎర్రచుక్క లేదు.

ఫోను చెడిపోలేదు. డు నాట్ డిస్టర్బ్‌లో ఒక దారి ఉంటుంది: ఒకే మనిషి కొద్దిసేపట్లో మళ్లీ చేస్తే అత్యవసరమేమోనని ఆ కాల్‌ను లోపలికి పంపేస్తుంది. ఐఫోన్‌లో ఆ గడువు మూడు నిమిషాలు, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాలు. దారి తెలియని చుట్టాలు రెండోసారి చేయడానికి మూడు నిమిషాలు ఆగరని మీకు తెలుసు. ఐఫోన్‌లో Settings > Focus > Do Not Disturb > People లోకి వెళ్లి Allow Repeated Calls ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో Do Not Disturb తెరిచి, కాల్స్ దగ్గర repeat callers అన్న మాట వెతికి అది తీసేయండి. కంపెనీని బట్టి చోటు మారుతుంది, మాట అదే. అక్కడే ఫేవరెట్లకో స్టార్ పెట్టినవాళ్లకో అనుమతి ఉందేమో చూడండి. మీ ఆవిడ, మీ అమ్మ, మీ అన్న ఆ జాబితాలో ఉంటారు, ఆరోజు ఎక్కువసార్లు చేసేదీ వాళ్లే.

రెండో గోతి అలారం. ముహూర్తం తెల్లవారుజామున కాబట్టి, రోజూ ఆరింటికి మోగే అలారం సరిగ్గా వ్రతం మధ్యలో కూస్తుంది. మామూలుగా డు నాట్ డిస్టర్బ్ దాన్ని ఆపదు. ముందురోజు రాత్రే అన్ని అలారాలూ చేత్తో ఆపండి, అత్తగారి మాత్రల గుర్తుతో సహా. ఇంకో సంగతి, గంటసేపు అని పెట్టిన డు నాట్ డిస్టర్బ్ గంటకే పోతుంది. మీరు ఆపేదాకా ఉండేలా పెట్టండి.

దీనికంతటికీ ఫ్లైట్ మోడ్ పెడితే పోలేదా అంటారు. పెట్టండి, నేనూ పెడతాను. కానీ ఫ్లైట్ మోడ్‌లో వైఫై మిగిలి ఉంటే వాట్సాప్ కాల్స్ హాయిగా వస్తాయి. కొన్ని ఫోన్లు పాత అలవాటు కొద్దీ వైఫైని ఆన్‌లోనే వదిలేస్తాయి కూడా. అందుకని డు నాట్ డిస్టర్బ్, ఫ్లైట్ మోడ్ రెండూ కలిపి పెట్టి, వైఫై విడిగా ఆపడం నా పద్ధతి. డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి వీడియో కాల్‌లో చూపించాలంటే అది ఇంకో ఫోను పని. ఈ ఫోను జోలికి రావద్దని ముందే చెప్పండి, కోపం వచ్చినా పరవాలేదు.

నమ్మకం కుదరాలంటే ముందురోజు సాయంత్రం పరీక్ష చేయండి. డు నాట్ డిస్టర్బ్ ఒక్కటే పెట్టి, వైఫై ఉంచి, రికార్డు నడుస్తుండగా ఇంట్లో వాళ్లతో రెండు నిమిషాల్లో రెండు మామూలు కాల్స్, ఒక వాట్సాప్ కాల్ చేయించండి. ఎర్రచుక్క, దాని పక్క అంకె ఆగకుండా నడుస్తుంటే సెట్టింగు సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు ఫ్లైట్ మోడ్ అదనపు గడియ అవుతుంది.

రికార్డింగును రెండున్నర గంటలు ఏకబిగిన నడపకండి. కొన్ని ఫోన్లు 4 జీబీ దగ్గర ఆగిపోతాయి, అంటే అరగంటకే. పైగా మధ్యలో ఫోను ఆరిపోతే చివరి లెక్క రాయకుండా మిగిలిన ఫైలు తెరుచుకోకపోవచ్చు. వ్రతకథ అయిదు అధ్యాయాలు, ఒక్కోదాని చివర కొబ్బరికాయ కొడతారు. కాయ కొట్టి హారతి అయ్యాక ఆపి, వెంటనే మళ్లీ మొదలుపెట్టండి. పోతే ఒక అధ్యాయం పోతుంది. ఆ క్షణంలోనే ఖాళీ ఎంత ఉంది, ఫోను ఎంత వేడిగా ఉంది చూసుకోవచ్చు. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఛార్జరు తీసి ఫ్యాన్ వైపు కాస్త తిప్పండి. హోమం జరుగుతుంటే మాత్రం ఫ్యాన్ జోలికి వెళ్లకండి, పంతులుగారు ఒప్పుకోరు.

హోమం మంట లేచినప్పుడల్లా వీడియో మసకబారుతూ వెలుగుతూ ఉంటుంది. దంపతుల ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వెలుతురు, ఫోకస్ అక్కడే నిలబడతాయి.

అంతా అయ్యాక స్టాండు నుంచి ఫోను పీకేయకండి. ఆపిన తర్వాత గ్యాలరీలో ఫైలు తెరిచి చివరి నిమిషం చూడండి. అప్పుడు ఫ్లైట్ మోడ్ తీస్తే వరసగా మిస్డ్ కాల్ మెసేజీలు వస్తాయి. వాటిలో గేటు దగ్గర నిలబడ్డ బాబాయివి కూడా ఉంటాయి, ముందు ఆయనకు చేయండి.