కింద మనం, పైన కిరాయిదార్లు: ఈ ఇంటి కిరాయి మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క ఎలా వేయాలి?

మా నల్గొండలో లోన్ తీసుకొని ఇల్లు కట్టే ఉద్యోగస్తులు ఎక్కువమంది చేసేది ఒకటే, జీ ప్లస్ వన్ వేస్తరు, కింద వాళ్ళుంటరు, పైన రెండు పోర్షన్లు చేసి కిరాయికిస్తరు. జూలై వచ్చిందంటే అందరూ ఒకటే తప్పు లెక్క పట్టుకొని వస్తరు, బ్యాంకు సర్టిఫికెట్‌లో ఉన్న మిత్తి మొత్తం తీసుకుపోయి పై పోర్షన్ల కిరాయిలోంచి కొట్టేస్తరు. ఏటా చెప్తున్నా మళ్ళీ అదే, అందుకే ఇక్కడ రాసిపెడుతున్న. సొంతిల్లు ఒకటే ఉండి, దాంట్లో కొంత కిరాయికిచ్చినవాళ్ళకే ఇది.

ముందు కాయితాలు

ఇంటి పన్ను రసీదు, బ్యాంకు ఇచ్చిన మిత్తి సర్టిఫికెట్ (ప్రొవిజనల్ కాదు, ఏప్రిల్ తర్వాత ఇచ్చే ఫైనల్‌ది), మున్సిపాలిటీ పర్మిషన్ ప్లాన్, కిరాయి పడ్డ అకౌంట్ స్టేట్‌మెంట్. కిరాయి ఫోన్‌పేలోనో బ్యాంకులోనో మాత్రమే తీసుకోవాలి, అది కూడా జీతం పడే అకౌంట్‌లో కాదు, వేరే అకౌంట్‌లో. లెక్క నోట్‌బుక్‌లో పెన్నుతో రాయాలి, ఎక్సెల్‌లో వేసినోళ్ళు ఏ గడి ఎక్కడికి పోయిందో వాళ్ళకే తెల్వకుండా కూర్చుంటరు.

కిరాయి, ఇంటి పన్ను

ఏడాదిలో వచ్చిన, రావాల్సిన కిరాయి కూడండి. రెండు నెలల అడ్వాన్స్ తీసుకుంటరు కదా, అది ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇచ్చేదైతే కిరాయి కాదు, కలపొద్దు. కూడిన కిరాయిలోంచి ఇంటి పన్ను తీసెయ్యాలి, కానీ ఆ ఏడాదిలో మీరు నిజంగా కట్టింది మాత్రమే. డిమాండ్ నోటీసు వచ్చింది, కట్టలేదంటే సున్నా. పాత బకాయి ఈ ఏడాది కట్టిండ్రంటే అది కూడా ఈ ఏడాదిలోనే వస్తది. కిరాయిదారుతో కట్టించిండ్రంటే మీకు రాదు.

ఖర్చులు, తరుగుదల

ఇంటి పన్ను పోంగ మిగిలిన దాంట్లో 30 శాతం సర్కారే మినహాయిస్తది. బిల్లు అడగదు, ఖర్చు పెట్టిండ్రా లేదా అడగదు. సున్నాలు వేయించినా, మోటరు కాలిపోయినా, బాత్రూం లీకైతే మేస్త్రిని పిలిచినా, బ్రోకర్‌కి ఇచ్చినా, ఇన్సూరెన్స్ కట్టినా అన్నీ ఆ 30లోనే. రూపాయి ఖర్చు కాకున్నా 30 వస్తది, రెండు లక్షలు ఖర్చైనా 30 దాటదు. కాబట్టి ఆ పెయింట్ బిల్లుల కవర్ నా ముందు పెట్టకండి.

తరుగుదల సంగతి కూడా ఇక్కడే. ఎవరో వీడియోలో బిల్డింగ్ మీద ఏటా 5 శాతం డిప్రిసియేషన్ తీసుకోవచ్చని చెప్తరు, మనోళ్ళు అది పట్టుకొని వస్తరు. అది వ్యాపారం లెక్కలో ఉండే రేటు. ఇంటి ఆదాయం హెడ్‌లో తరుగుదల అనే మాటే లేదు. ఇదివరకు కొందరు ఇల్లు కిరాయికివ్వడమే మా వ్యాపారమని చూపించి తరుగుదల, రిపేర్లు అన్నీ గుంజేటోళ్ళు, 2024 బడ్జెట్‌లో ఆ దారి మూసేసిండ్రు, ఇప్పుడు నివాసపు ఇంటి కిరాయి ఓనర్‌కి ఇంటి ఆదాయం కిందనే పడాలె. మంచాలు, ఏసీలు పెట్టి వాటికి విడిగా కిరాయి తీసుకుంటే ఆ సామాను వరకు ఇతర ఆదాయంలో తరుగుదల వస్తది, మన దగ్గర అట్ల ఇచ్చేటోళ్ళు తక్కువే.

మిత్తి: ఇక్కడ నిదానంగా చదవండి

ముందుగా, ఈఎంఐ మొత్తం మిత్తి కాదు. దాంట్లో అసలు కూడా ఉంటది, అసలుకూ కిరాయి లెక్కకూ సంబంధం లేదు. పాత ట్యాక్స్ పద్ధతిలో ఉన్నోళ్ళకు అసలు 80సీ కింద వస్తది, కొత్త ట్యాక్స్ పద్ధతిలో అది కూడా లేదు.

రెండోది, లోన్ పేరు ఏంటన్నది కాదు, పైసలు ఎక్కడ పెట్టిండ్రన్నది ముఖ్యం. బంగారం కుదువబెట్టి తెచ్చిన పైసలతో స్లాబు వేస్తే ఆ మిత్తి చెల్లుతది. అదే ఇంటి మీద టాపప్ లోన్ తీసుకొని బిడ్డ పెండ్లి చేస్తే ఆ మిత్తి చెల్లదు, హోమ్ లోన్ అకౌంట్‌లోనే కనపడ్డా సరే. ఊర్లో తెలిసినోళ్ళ దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చింది కూడా ఇంటికే పెడితే చెల్లుతది, కానీ 20,000 లేదా అంతకంటే ఎక్కువ నగదుగా తెచ్చుకుంటే వేరే సెక్షన్ కింద అంత మొత్తం జరిమానా పడే ప్రమాదముంది, బ్యాంకు ద్వారా వచ్చి ఉండాలె. రిటర్న్‌లో ఇప్పుడు అప్పిచ్చినోళ్ళ పేరు, అకౌంట్ నంబర్, లోన్ తేదీ, మిగిలిన బాకీ కూడా అడుగుతుంది, నోటు మీద రాసుకున్న అప్పయితే ఆ ఇచ్చినాయన తన రిటర్న్‌లో మిత్తి చూపిస్తడా లేదా ముందే అడగండి.

మూడోది, ఇల్లు కట్టే టైంలో పడిన మిత్తి. దీన్ని సగం మంది మర్చేపోతరు, మిగతా సగం తప్పు వేస్తరు. లోన్ తీసుకున్న రోజు నుంచి, ఇల్లు పూర్తైన ఆర్థిక సంవత్సరానికి ముందున్న మార్చి 31 వరకు పడిన మిత్తి అంతా కూడి ఐదు భాగాలు చేయాలె. ఇల్లు పూర్తైన సంవత్సరం నుంచి ఏడాదికో భాగం వస్తది. ఒక ఏడాది మర్చిపోయిండ్రంటే ఆ భాగం తర్వాతి ఏడాదికి జరగదు. పూర్తైన ఏడాదిలో ఏప్రిల్ నుంచి పడిన మిత్తి ఈ ఐదు భాగాల్లోకి రాదు, అది ఆ ఏడాది మిత్తి కిందనే పూర్తిగా వస్తది. బ్యాంకు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ ఒక్క ఏడాదిదే ఉంటది, పాత ఏండ్లవి విడిగా అడిగి తీసుకోవాలె.

ఇక అసలు తప్పు జరిగేది నాలుగో దగ్గర, పంచుకోవడం. కింది అంతస్తు మీది, పై అంతస్తు కిరాయిది, లోన్ మాత్రం రెండింటికీ కలిపి ఒకటే. కాబట్టి మిత్తిని, ఇంటి పన్నును రెండిటికీ పంచాలె. దేన్ని బట్టి? విస్తీర్ణాన్ని బట్టి. కింద ఒక పోర్షన్, పైన రెండు కాబట్టి మూడింట రెండొంతులు పైనది అని చెప్పేటోళ్ళున్నరు, అది వాళ్ళకు లాభం కాబట్టి పుట్టిన లెక్క. పర్మిషన్ ప్లాన్‌లో ఏ అంతస్తు ఎన్ని చదరపు అడుగులో రాసే ఉంటది, రేపు నోటీసు వస్తే ఆ కాయితం చూపిస్తే అయిపోతది, పోర్షన్ల లెక్కకు ఏ కాయితం చూపిస్తరు? ముందు రోడ్డు వైపు మడిగ ఉంటే దాని అడుగులు కూడా కిరాయి వైపే వేయండి.

ఒక లెక్క చేసి చూద్దాం

దేవరకొండ రోడ్డు వైపు ఇల్లు అనుకోండి, టీచర్ గారిది. 2022 జూన్‌లో లోన్, 2024 ఆగస్టులో ఇల్లు పూర్తి. 2024 మార్చి 31 దాకా పడిన మిత్తి 2,50,000, అంటే ఏడాదికి 50,000 చొప్పున 2024-25 నుంచి 2028-29 వరకు. మనం చూసేది 2025-26. ఆ ఏడాది మిత్తి 2,20,000, దానికి ఈ 50,000 కలిపితే 2,70,000. రెండంతస్తులూ సమానం కాబట్టి పైదానికి 1,35,000, కిందిదానికి 1,35,000.

పైన రెండు పోర్షన్లు, ఒక్కోటి నెలకు 7,000, ఏడాదికి 1,68,000. ఇంటి పన్ను 6,000 కట్టిండు, పై వాటా 3,000. మిగిలింది 1,65,000. దాంట్లో 30 శాతం 49,500 పోతే 1,15,500. మిత్తి 1,35,000 తీసేస్తే 19,500 నష్టం.

పాత పద్ధతిలో అయితే కింద తానుండే అంతస్తు మిత్తి 1,35,000 కూడా వస్తది (సొంతానికి 2 లక్షల దాకా), రెండూ కలిపి 1,54,500 జీతంలోంచి తగ్గించుకోవచ్చు, అట్ల తగ్గించుకోవడానికి కూడా ఏడాదికి 2 లక్షలే హద్దు. ఇప్పుడు తమాషా చూడండి, పంచకుండా 2,70,000 మొత్తం పైదానికే వేసినా 1,15,500లోంచి తీస్తే అదే 1,54,500 వస్తది! అందుకే ఇన్నేండ్లు తప్పు లెక్క వేసినా ఎవరికీ నొప్పి తెల్వలే, అదే అలవాటై కూర్చుంది.

కొత్త పద్ధతిలో కథ వేరే. అక్కడ సొంతానికుండే అంతస్తు మిత్తికి సున్నా. కిరాయి అంతస్తు మిత్తికి హద్దు లేదు గానీ, నష్టం వస్తే జీతంలోంచి తగ్గదు, 8 ఏండ్ల దాకా ముందుకు తీసుకుపోయి ఇంటి ఆదాయంలోంచే తగ్గించుకోవాలె. అంటే టీచర్ గారు ముందుకు తీసుకుపోవాల్సింది 19,500. తప్పు లెక్కలో 1,54,500 రాస్తడు, అంటే లేని నష్టం 1,35,000 ఎక్కువ. ఈ ఏడాది ట్యాక్స్‌లో తేడా కనపడదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు, రెండు మూడేండ్లు ఇట్లనే పేరుస్తరు, కిరాయి పెరిగి మిత్తి తగ్గి లాభం వచ్చిన ఏడాది ఆ దొంగ నష్టంతో ట్యాక్స్ ఎగ్గొట్టినట్టు తేలుతది. తక్కువ చూపించిన ఆదాయం మీద పడే ట్యాక్స్‌లో సగం జరిమానా, తప్పుడు సమాచారం ఇచ్చిండని తేల్చితే ట్యాక్స్‌కు రెండింతలు.

మీ లెక్క తప్పిందో లేదో ఒక్క చూపులో తెలుస్తది: కొత్త పద్ధతిలో ఉండి, కిరాయి ఇంటి గడిలో వేసిన మిత్తి బ్యాంకు సర్టిఫికెట్‌లో ఉన్నంతే ఉందంటే, మీరు అదే ఇంట్లో ఉంటున్నరంటే, తప్పే.

రిటర్న్‌లో వేయడం

నష్టం ముందుకు తీసుకుపోవాలంటే ఐటీఆర్-2 వేయాలె, ఐటీఆర్-1లో కుదరదు. ఇంటి షెడ్యూల్‌లో రెండు ఇండ్లున్నట్టే వేయండి, ఒకటి సొంతానికి, ఒకటి కిరాయికి, అడ్రస్ ఒకటే, అంతస్తు రాయండి. 2026 ఏప్రిల్ నుంచి వచ్చే ఆదాయానికి కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం, సెక్షన్ నంబర్లు మారినయి, 30 శాతం మాత్రం అట్లనే ఉంది.

తర్వాతి ఏడాది టీచర్ గారు కిరాయి 8,000 చేసిండు అనుకుందాం. 1,92,000లో పన్ను వాటా 3,000, మిగతా దాంట్లో 30 శాతం 56,700 పోతే 1,32,300. ఆ ఏడాది మిత్తి 2,12,000, ఇల్లు కట్టేటప్పటి మిత్తిలో ఏడాదికి వచ్చే భాగం 50,000 కలిపి సగం 1,31,000. మిగిలిన ఆదాయం 1,300. అది పాత నష్టంలోంచి పోతది, ఇంకా 18,200 నష్టం ఉంటది. ఆ అంకె ఏ ఏడాదిదో నోట్‌బుక్‌లో పక్కన రాసుకోండి, రిటర్న్‌లో పాత నష్టాల షెడ్యూల్‌లో ఏడాదివారీగా అడుగుతది.