ఏ కంపెనీ పెట్టినా డీసీఎఫ్‌కే చేరే పటం: లోపం ఎక్కడ, సవరణ ఎలా

విలువ కట్టే పద్ధతుల మీద విన్న పాఠాన్ని ఒక్క పేజీ నిర్ణయ పటంగా కుదించాలనుకున్నాను. పైన కంపెనీ వివరాలు పెట్టి బాణాల వెంట దిగితే, అడుగున తగిన పద్ధతి తేలాలి. నా మొదటి పటం చూడటానికి ముచ్చటగా ఉండేది, పని మాత్రం చేయలేదు: ఏ కంపెనీ పెట్టినా డీసీఎఫ్‌కే, అంటే రాబోయే నగదును ఈనాటి విలువకు తెచ్చి లెక్కించే పద్ధతికే చేరేది. అందులో దొరికిన లోపాలు ఇవి.

లక్షణం: ఏ కంపెనీ పెట్టినా బాణం డీసీఎఫ్‌కే వెళుతుంది

కారణం: పాఠం నడిచిన వరుసలోనే గళ్లు గీయడం. మిగతావి అర్థం కావాలంటే డీసీఎఫ్ ముందు తెలియాలి కాబట్టి ఉపాధ్యాయులు దానితో మొదలుపెడతారు. అది బోధనకు పనికొచ్చే వరుస, ఎంపికకు కాదు. పైగా నా మొదటి గడిలోని ప్రశ్న "భవిష్యత్ నగదు ప్రవాహాన్ని అంచనా వేయగలమా?" దానికి కాదనేవారు ఎవరు?

పరిష్కారం: దారి మూసేసే ప్రశ్నలు పైకి రావాలి, వాటికి జవాబు వార్షిక నివేదికలోనే దొరకాలి. మొదటిది: కంపెనీ నడుస్తుందా, మూతపడుతుందా? మూతపడేదైతే ఆస్తులు అమ్మితే వచ్చేదాంట్లోంచి బాకీలు తీసేసి అక్కడే ఆగాలి. రెండోది: ఇది బ్యాంకా? బ్యాంకుకు డిపాజిట్లు అప్పు మాత్రమే కాదు, ముడిసరుకు కూడా. వ్యాపారాన్ని, అప్పును విడదీయలేం కాబట్టి డివిడెండ్ల మీదనో, వాటాదారులు ఆశించే రాబడి పోగా మిగిలే అవశేష ఆదాయం మీదనో నేరుగా ఈక్విటీకే, అంటే వాటాదారుల భాగానికే విలువ కట్టాలి.

లక్షణం: ఒకే కంపెనీకి రెండు దారులు, రెండు విలువలు

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. డబ్ల్యూఏసీసీ అంటే అప్పు, ఈక్విటీల ఖర్చును వాటి వాటాల ప్రకారం కలిపిన సగటు రేటు. ఏపీవీ అంటే అప్పు లేదనుకుని కట్టిన విలువకు వడ్డీ మీది పన్ను ఆదా విలువను విడిగా కలపడం. దేనితో చేసినా డీసీఎఫ్ డీసీఎఫే కదా అని రెండింటినీ ఒకే గడిలో పడేశాను. కారణం అక్కడే ఉంది. ఆ రెండూ అప్పు గురించి వేర్వేరు సంగతులు అనుకుంటాయి.

ఒక కంపెనీని తీసుకుందాం. పన్ను పోగా, అప్పు లేదనుకుంటే వచ్చే నగదు ఏటా 100, పెరుగుదల లేదు. అప్పు లేకపోతే మదుపరులు అడిగే రాబడి 10 శాతం. అంటే అప్పు సంగతి పక్కన పెడితే విలువ 1000. ఉన్న అప్పు 600, వడ్డీ 8 శాతం, పన్ను 25 శాతం. అప్పును ఏటా 50 చొప్పున 12 ఏళ్లలో తీర్చేయాలని ఒప్పందం.

ఈనాటి అప్పు నిష్పత్తితో లెక్కిస్తే డబ్ల్యూఏసీసీ సుమారు 8.7 శాతం వస్తుంది. 100ను దానితో భాగిస్తే విలువ 1150, అప్పు తీసేస్తే ఈక్విటీ 550. ఆ అదనపు 150 ఎక్కడిది? 600లో 25 శాతం. అంటే అప్పు ఎప్పటికీ తీరదనీ, వడ్డీ మీద పన్ను ఆదా ఎప్పటికీ వస్తుందనీ ఆ రేటు లోపల దాగి ఉంది.

నిజానికి పన్ను ఆదా మొదటి ఏడాది 12, తర్వాత 11, అలా తగ్గుతూ పన్నెండో ఏట 1. వీటిని 8 శాతంతో ఈనాటి విలువకు తెస్తే సుమారు 56. ఏపీవీ ప్రకారం కంపెనీ విలువ 1056, ఈక్విటీ 456. పద్ధతి ఎంపికలోనే 94 తేడా వచ్చింది.

పరిష్కారం: డీసీఎఫ్ గడికి ముందు ఒక ప్రశ్న చేర్చాలి. "అప్పు కంపెనీ విలువలో స్థిరమైన వాటాగా సాగుతుందా, ముందే ఖరారైన పట్టిక ప్రకారం తీరుతుందా?" వాటాగా సాగితే డబ్ల్యూఏసీసీ, పట్టిక ఉంటే ఏపీవీ. జవాబు కోసం నివేదికలో రుణాల చెల్లింపు గడువులున్న భాగం చూడాలి. అప్పు నామమాత్రంగా ఉంటే రెండూ దాదాపు ఒకే అంకె ఇస్తాయి, అప్పుడు ఈ ప్రశ్న దాటేయవచ్చు. అప్పు మరీ బరువైతే దివాలా ఖర్చునూ విడిగా తీసేయాలి, పై లెక్కలో అది లేదు.

లక్షణం: పద్ధతి సరైనదే, చివరి అంకె తప్పు

అడుగు గడిలో పద్ధతి పేరు ఒక్కటే రాస్తే జరిగేది ఇది. వాటాదారులకు మిగిలే నగదుతో ఈక్విటీ విలువ కట్టేసి, అలవాటుగా మళ్లీ 600 అప్పు తీసేస్తాం. ప్రతి అడుగు గడిలో మూడు మాటలు రాస్తే చాలు: ఏ నగదు, ఏ రేటు, ఎవరి విలువ. సాటి కంపెనీల నిష్పత్తులతో విలువ కట్టే పోలిక గుణకాలకూ ఇదే వర్తిస్తుంది. కంపెనీ విలువను వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభంతో పోల్చే ఈవీ/ఎబిటా ఇచ్చేది మొత్తం కంపెనీ విలువ, అందులోంచి నికర అప్పు తీసేయాలి. షేరు ధరను ఒక్కో షేరుకు వచ్చే లాభంతో పోల్చే పీ/ఈ ఇచ్చేది నేరుగా ఈక్విటీ విలువ, అందులోంచి అప్పు తీయకూడదు. నా పేజీలో ఆ గడి పక్కన ఇప్పుడు ఎర్ర సిరాతో "అప్పు తీసేశావా?" అని ఉంది.