ప్రైవసీ పాలసీ చదవడం, మూడవ పాఠం: దేన్నీ కాదనని వాక్యాలు, దారి చూపని హక్కులు

గత రెండు పాఠాలలో ఒక యాప్ ప్రైవసీ పాలసీ ఎక్కడ దొరుకుతుందో, ఫోను సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ఏయే అనుమతులు ఇచ్చి ఉన్నామో చూసి ఒక కాగితం మీద రాసుకోవడం ఎలాగో నేర్చుకున్నాం. ఈసారి ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని ఒక పాలసీని వాక్యం తరువాత వాక్యంగా పరీక్షిద్దాం.

మా పిన్ని కూతురు ఒంగోలు నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి వచ్చి, మారతహళ్లిలో తెలుగువాళ్లు నడిపే ఒక పీజీలో చేరింది. చేరిన రోజే యజమాని, “యాప్ వేసుకోమ్మా, ఆధార్, ఫోటో, ఆఫీసు ఐడీ కార్డు అన్నీ అందులోనే పెట్టెయ్యి” అన్నారట. అద్దె కట్టడం, గేటు దగ్గర క్యూఆర్ కోడ్ చూపడం, రాత్రి భోజనం వద్దనుకుంటే సాయంత్రంలోగా చెప్పడం, ఇవన్నీ ఆ యాప్‌లోనే జరుగుతాయి. ఆ అమ్మాయి రాసుకున్న కాగితంలో మూడు అనుమతులు ఉన్నాయి: కెమెరా, లొకేషన్, కాంటాక్ట్స్. పాలసీ ఇంగ్లీషులో రెండు పేజీలకు మించదు. దానిలోని వాక్యాలను ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

చదవడం మొదలుపెట్టే ముందు పాలసీని బ్రౌజర్‌లో తెరిచి, పేజీలో వెతికే పెట్టెలో ఈ మాటలను ఒక్కొక్కటిగా టైప్ చేసి, దొరికిన ప్రతి వాక్యాన్నీ కాగితం మీదకు ఎక్కించండి.

```
may
such as
including
partners
as long as necessary
```

ఈ మాటలు కనిపించినంత మాత్రాన తప్పు జరిగిందని కాదు. ఎక్కువ పరీక్ష అవసరమైన వాక్యాలు ఎక్కడున్నాయో అవి చూపిస్తాయి, అంతే. పరీక్షించడానికి నేను వాడేది ఒకే ప్రశ్న: ఈ వాక్యం ప్రకారం యాప్ చేయకూడని పని ఏదైనా ఉందా? ఏ పనినీ కాదనని వాక్యం మనకు ఏ సమాచారమూ ఇవ్వదు, అది ఎంత మర్యాదగా రాసి ఉన్నా సరే.

మొదటి వాక్యం ఇది: “మీ పేరు, ఫోను నంబరు, గుర్తింపు పత్రాలు వంటి సమాచారాన్ని, మీ పరికరం నుంచి లభించే ఇతర సమాచారాన్ని సేకరించవచ్చు.” ఇందులో ‘వంటి’, ‘ఇతర’, ‘వచ్చు’ అనే మూడు చోట్ల తలుపు తెరిచే ఉంది. కాంటాక్ట్స్ అనే మాట పాలసీలో ఎక్కడా లేదు, కానీ ఫోనులో ఆ అనుమతి ఉంది. ‘పరికరం నుంచి లభించే ఇతర సమాచారం’ అన్నప్పుడు ఊళ్లో ఉన్న అమ్మానాన్నల నంబర్లు కూడా అందులోకి వచ్చేస్తాయి. వాళ్లేమో ఈ యాప్ పేరు కూడా విని ఉండరు. కాగితం మీద ఉన్న అనుమతి పాలసీలో పేరుతో సహా కనిపించకపోతే, దానినే మొదటి లోపంగా రాసుకోవాలి.

ఈ విషయంలో మన చట్టం స్పష్టంగానే ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 6వ సెక్షన్, చెప్పిన ప్రయోజనానికి అవసరమైన డేటాకు మాత్రమే సమ్మతి వర్తిస్తుందని అంటుంది. దానికి చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: ఫోనులో వైద్యుని సంప్రదించే యాప్ ఒకటి వైద్య సేవకూ, కాంటాక్ట్ లిస్టుకూ కలిపి సమ్మతి అడిగితే, వాడుకరి రెండింటికీ ఒప్పుకున్నా, కాంటాక్ట్ లిస్టు వైద్య సేవకు అవసరం లేదు కనుక ఆ సమ్మతి వైద్య సేవకు కావలసిన డేటా వరకే వర్తించినట్టు భావించాలి. అద్దె రసీదుకూ, గేటు ప్రవేశానికీ కాంటాక్ట్స్ ఎందుకని ఇదే వరుసలో అడగవచ్చు.

రెండవ వాక్యం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి: “సేకరించిన సమాచారాన్ని మా సేవలను మెరుగుపరచడానికి, వ్యాపార అవసరాలకు వాడవచ్చు.” చాలామంది దీనిని మామూలు మాటగా తీసుకుని దాటిపోతారు. నా దృష్టిలో పాలసీ మొత్తంలో బరువైన వాక్యం ఇదే. ఎందుకంటే ఇక్కడ ‘మా’ అన్నది ఎవరో తేలాలి. పీజీ యజమాని తన పీజీలో ఉండేవాళ్ల వివరాలు ఎందుకు కావాలో నిర్ణయిస్తారు కనుక చట్టం భాషలో ఆయన డేటా ఫిడ్యూషియరీ. ఆయన తరఫున వివరాలను దాచిపెట్టే యాప్ కంపెనీ డేటా ప్రాసెసర్. చట్టం ముందు జవాబు చెప్పవలసింది ప్రధానంగా ఫిడ్యూషియరీయే. కానీ యాప్ కంపెనీ అదే డేటాను తన సొంత వ్యాపారానికి, ఉదాహరణకు ప్రకటనలకో, వేరే ఉత్పత్తి తయారీకో వాడుకుంటే, ఆ మేరకు ప్రయోజనాన్ని తానే నిర్ణయించినట్టు అవుతుంది, అప్పుడు అది కూడా ఫిడ్యూషియరీగానే బాధ్యత మోయాలి. పాలసీలో పీజీ పేరే లేకుండా అంతటా ‘మేము’ అని ఉంటే, ఎవరిని అడగాలో తెలియని స్థితి వస్తుంది. యజమానిని అడిగితే కంపెనీ వైపు, కంపెనీని అడిగితే యజమాని వైపు చూపిస్తారు. అందువల్ల ఉత్తరం రాసినప్పుడు ఇద్దరికీ కలిపి రాయాలి.

మూడవది “నమ్మకమైన భాగస్వాములతో పంచుకోవచ్చు” అన్న వాక్యం. ప్లే స్టోర్‌లో అదే యాప్ కింద ఉండే డేటా సేఫ్టీ భాగంలో మాత్రం మూడవ పక్షాలతో డేటా పంచుకోవడం లేదని ఉంది. ఇది అబద్ధమని వెంటనే తేల్చకండి. తన తరఫున పనిచేసే సేవాసంస్థకు డేటా పంపడాన్ని ‘పంచుకోవడం’గా చూపనవసరం లేదని ప్లే స్టోర్ నిర్వచనం. ఓటీపీ పంపే సంస్థకు నంబరు ఇవ్వడం ఆ కోవలోకి రావచ్చు. కనుక ఇక్కడ నింద వేయకుండా పేర్లు అడగడమే సరైన పద్ధతి.

నాలుగవది “అవసరమైనంత కాలం ఉంచుతాము.” ఎవరి అవసరం, ఎంత కాలం అన్నది లేదు. పీజీ ఖాళీ చేసి వెళ్లిన అమ్మాయి ఆధార్ ప్రతి ఎప్పుడు పోతుందో దీనిని బట్టి చెప్పలేం. దీని పక్కన, నిజంగా ఏదో చెప్పే వాక్యం ఎలా ఉంటుందో రాసి చూస్తే తేడా తెలుస్తుంది: “ఆధార్ ప్రతిని చేరేటప్పుడు గుర్తింపు కోసం తీసుకుంటాము, పీజీ యజమాని మాత్రమే చూడగలరు, ఖాళీ చేసిన 30 రోజులకు తొలగిస్తాము, అద్దె రసీదులను పన్ను లెక్కల కోసం చట్టం కోరినంత కాలం ఉంచుతాము.” ఇందులో డేటా, కారణం, చూసేవారు, గడువు నాలుగూ ఉన్నాయి. ముప్పై ఒకటవ రోజున ఆ ప్రతి ఇంకా ఉంటే మాట తప్పారని వేలెత్తి చూపవచ్చు.

ఇక హక్కుల భాగానికి వద్దాం. ఈ పాలసీలో ఆ శీర్షిక ఉంది, కానీ దాని కింద “కాలిఫోర్నియా నివాసులు తమ సమాచారాన్ని తొలగించమని కోరవచ్చు” అని మాత్రమే ఉంది. మారతహళ్లి పీజీ యాప్‌లో కాలిఫోర్నియా ప్రస్తావన ఉన్నదంటే, పాలసీని ఏదో నమూనా నుంచి దించుకున్నారన్నది దాదాపు ఖాయం. అలా దించిన పాలసీలో మిగతా మాటలు కూడా యాప్ నిజంగా చేసే పనికి సరిపోతాయన్న నమ్మకం ఉండదు.

మన చట్టంలోని హక్కులను ఒక్కొక్కటిగా పాలసీలో వెతకాలి. తమ దగ్గర మన డేటా ఏముందో, ఎవరెవరికి ఇచ్చారో తెలుసుకోవడం 11వ సెక్షన్, సరిదిద్దించడం, తొలగించమనడం 12వ సెక్షన్, ఫిర్యాదు చేయడం 13వ సెక్షన్, మన తరువాత ఈ హక్కులను వాడేందుకు ఒకరిని నామినేట్ చేయడం 14వ సెక్షన్. వీటికి తోడు, ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకోవడం 6వ సెక్షన్‌లోనే ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కు తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని అది చెబుతుంది. ఒక్క బటన్ నొక్కి చేరిన యాప్ నుంచి బయటపడడానికి సంతకం చేసిన ఉత్తరం పంపమంటే అది ఈ నియమానికి పొసగదు. చిన్న యాప్‌లలో నాకు తరచుగా కనిపించని హక్కు కూడా ఇదే.

దానికి బదులుగా ఈ పాలసీలో, “యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయడం ద్వారా సమాచార సేకరణను ఆపవచ్చు” అని ఉంది. ఈ వాక్యం చాలా నమూనాలలో ఉంటుంది, అక్షరాలా నిజం కూడా. అయితే ఆగేది ఇకముందు సేకరణ మాత్రమే. అప్పటికే సర్వర్‌కు చేరిన ఆధార్, ఫోటో, గేటు సమయాలు అక్కడే ఉంటాయి. యాప్ తీసేస్తే అన్నీ పోతాయని మా చెల్లి కూడా అనుకుంది. ఖాతా తెరవనిచ్చే యాప్ ఏదైనా, ఆ ఖాతానూ అందులోని డేటానూ తొలగించమని కోరే దారిని యాప్‌లోనూ, బయట ఒక వెబ్ లింకులోనూ చూపాలన్నది ప్లే స్టోర్ నియమం. ఆ లింకు ఉందో లేదో కూడా కాగితం మీద రాసుకోవాలి.

హక్కు పేరు ఉన్నా, దానిని అడిగే చిరునామా, జవాబుకు గడువు లేకపోతే లేనట్టుగానే గుర్తించండి. ఈ పాలసీ చివర ఉన్న ‘సంప్రదించండి’ లింకు నొక్కితే ఖాళీ పేజీ వచ్చింది. ఇక్కడ ఒక పరిమితి చెప్పాలి. 2025 నవంబరులో ఈ చట్టపు నియమాలను నోటిఫై చేసినప్పుడు, హక్కులకూ నోటీసులకూ సంబంధించిన నిబంధనలకు 18 నెలల గడువు ఇచ్చారు. కాబట్టి ఆ గడువు తీరేలోపు పై సెక్షన్లను చూపించి, ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే డేటా పరిరక్షణ బోర్డుకు ఫిర్యాదు చేయలేరు. అంతవరకు 2011 నాటి సమాచార సాంకేతిక నియమాలు ఉన్నాయి. వాటి 5వ నియమం ప్రకారం సంస్థ ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, పేరూ సంప్రదింపు వివరాలూ వెబ్‌సైటులో ప్రచురించాలి. ఫిర్యాదును నెలలోగా పరిష్కరించాలి. కొత్త నియమాలలో ఈ గడువు 90 రోజులకు మించకూడదని ఉంది.

ప్లే స్టోర్‌లోని యాప్ పేజీలో డెవలపర్ ఈమెయిల్ దొరికింది. మా చెల్లి దానికీ, యజమానికీ కలిపి పంపిన ఉత్తరం ఇది:

“నమస్కారం. నేను మీ పీజీలో ఉంటూ మీ యాప్‌ను వాడుతున్నాను. దయచేసి ఈ నాలుగు విషయాలు రాతపూర్వకంగా తెలుపగలరు. నా గురించి మీ దగ్గర ఉన్న వివరాలు ఏవి? కాంటాక్ట్స్ అనుమతి ఏ పనికి అవసరం, ఇప్పటికే ఏవైనా నంబర్లు సర్వర్‌కు చేరాయా? పాలసీలోని ‘భాగస్వాములు’ ఎవరు, పేర్లతో చెప్పగలరా? నేను పీజీ ఖాళీ చేశాక నా ఆధార్ ప్రతిని ఎన్ని రోజులలో తొలగిస్తారు? మీ ఫిర్యాదుల అధికారి పేరు, ఈమెయిల్ కూడా తెలుపగలరు.”

ఉత్తరం పంపిన సాయంత్రమే ఆమె సెట్టింగ్స్‌లో కాంటాక్ట్స్ అనుమతిని తీసివేసింది. క్యూఆర్ కోడ్, అద్దె, భోజనం మూడూ ఎప్పటిలాగే పనిచేశాయి. అనుమతి అవసరం లేదనడానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష నాకు తెలియదు. ఆధార్ విషయంలో మాత్రం, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఇచ్చి పాతదాన్ని తొలగించమని యజమానిని అడిగింది, ఆయన ఒప్పుకున్నారు.

మీరు వాడే ఒక చిన్న యాప్ పాలసీని తీసుకుని, ‘ఇది ఏ పనిని కాదంటున్నది’ అన్న ప్రశ్నకు నిలవని వాక్యాలను నాలుగు రాసి ఉంచండి. కంపెనీ నుంచి పదకొండవ రోజున వచ్చిన జవాబును వచ్చే పాఠంలో ఇదే విధంగా వాక్యం వాక్యంగా చదువుదాం.